టీవీఎస్ డయోడ్: ఎన్ని వోల్టుల దగ్గర ఆపాలి?

యూఎస్‌బీ కనెక్టర్‌లోని డేటా పిన్ను మీద మామూలుగా ఉండే వోల్టేజి 3.6 వోల్టులకు మించదు. ఆ పిన్ను నుంచి బయల్దేరిన రాగి గీత నాలుగైదు సెంటీమీటర్లు నడిచి ఒక చిప్‌లోకి చేరుతుంది. చిప్ లోపల ట్రాన్సిస్టర్ గేటు కింద ఉండే ఆక్సైడు పొర మందం కొన్ని నానోమీటర్లే. పదుల వోల్టులు పడితే చాలు, ఆ పొరకు చిల్లు పడుతుంది. ఏసీ గదిలో ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి వచ్చిన మనిషి ఒంటి మీద మాత్రం వేల వోల్టుల స్థిర విద్యుత్తు పోగై ఉండొచ్చు. అది సుమారు 3,000 వోల్టుల లోపే అయితే చురుక్కుమన్న సంగతి ఆ మనిషికి కూడా తెలియదు. ఆ చేత్తో కేబుల్ కొసనో కనెక్టర్‌నో ముట్టుకున్నప్పుడు ఆ విద్యుత్తు పిన్ను మీదుగా బోర్డులోకి దూకుతుంది. చిప్ దాకా పోనివ్వకుండా దాన్ని గ్రౌండులోకి మళ్లించడానికి కనెక్టర్ పక్కనే, పిన్నుకూ గ్రౌండుకూ మధ్య అతికించే మిల్లీమీటరు పొడవు భాగమే టీవీఎస్ డయోడ్.

దీన్ని ఎంచుకునేటప్పుడు చాలామంది చూసేది డేటాషీట్ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో కనిపించే ఒకే ఒక్క అంకె. ‘5 వోల్టుల టీవీఎస్’ అని ఉంటే అది వోల్టేజిని 5 దగ్గర ఆపేస్తుందనుకుంటారు. అది ఆపదు. దెబ్బ తగిలిన సమయంలో అదే డయోడ్ మీద 15 వోల్టులు ఉండొచ్చు, 40 కూడా ఉండొచ్చు. ఆ అంకె ఎంతన్నది, దాన్ని చిప్ తట్టుకోగలదా అన్నది తేల్చుకోవడమే అసలు పని. అందుకు ముందుగా వచ్చే దెబ్బ ఎలాంటిదో తెలియాలి.

మనిషి వేలి నుంచి వచ్చే నిప్పురవ్వ ఏ రెండుసార్లూ ఒకేలా ఉండదు. అందుకని పరీక్షల కోసం ఐఈసీ 61000-4-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ఒక నమూనా దెబ్బను నిర్ణయించింది. పిస్తోలు ఆకారంలో ఉండే పరికరంలో 150 పికోఫారడ్‌ల కెపాసిటర్ ఉంటుంది. దాన్ని కావలసిన వోల్టేజికి నింపి, 330 ఓమ్‌ల రెసిస్టర్ గుండా పిన్ను మీదకు వదులుతారు. పిస్తోలు మొనను లోహానికి ఆనించి కొట్టే పద్ధతిలో నాలుగు మెట్లున్నాయి. అన్నిటికన్నా పై మెట్టు 8,000 వోల్టులు, వినియోగదారుల పరికరాలకు చాలామంది పెట్టుకునే లక్ష్యం అదే.

ఈ 8,000 వోల్టుల దెబ్బలో రెండు భాగాలుంటాయి. మొదటిది సూదిమొనలాంటి శిఖరం. సుమారు 0.8 నానోసెకనులో, అంటే సెకనులో వందకోట్లవ వంతుకు కూడా తక్కువ సమయంలో, ప్రవాహం 30 ఆంపియర్లకు ఎగబాకి అంతే తొందరగా దిగిపోతుంది. దాని వెనకే నెమ్మదైన రెండో ఉబ్బు వస్తుంది. 30 నానోసెకన్ల దగ్గర 16 ఆంపియర్లు, 60 నానోసెకన్ల దగ్గర 8 ఆంపియర్లు. నూటయాభై, రెండువందల నానోసెకన్లలో అంతా ముగుస్తుంది. ఈ రెండు భాగాలు చేసే హాని వేరు, వాటిని అదుపు చేసే తీరు కూడా వేరు. శిఖరం సంగతి తేల్చేది బోర్డు మీద గీతల అమరిక. వెనకొచ్చే ఉబ్బు సంగతి తేల్చేది డయోడ్ ఎంపిక. అందుకే ఎంపిక లెక్కల్లో 16 ఆంపియర్లనే ఆధారంగా తీసుకుంటారు.

ఇక్కడొక అపోహ తరచుగా కనిపిస్తుంది. ‘మా చిప్ 2,000 వోల్టుల స్థిర విద్యుత్తును తట్టుకుంటుంది’ అని చిప్ డేటాషీట్‌లో ఉంటుంది. దానికి నాలుగు రెట్లు తట్టుకునే చిప్ దొరికితే టీవీఎస్ అక్కర్లేదని దానర్థం కాదు. చిప్‌కు చేసే పరీక్ష వేరు. అందులో కెపాసిటర్ 100 పికోఫారడ్‌లు, రెసిస్టర్ 1,500 ఓమ్‌లు. 2,000 వోల్టులను 1,500తో భాగిస్తే చిప్‌లోకి పోయే గరిష్ఠ ప్రవాహం 1.33 ఆంపియర్లు మాత్రమే. బయటి కనెక్టర్ మీద పడే 8,000 వోల్టుల దెబ్బలో శిఖరం దానికి 22 రెట్లు పెద్దది. చిప్ పరీక్ష ఉద్దేశం కూడా వేరే. స్థిర విద్యుత్తు చేరకుండా జాగ్రత్తలు తీసుకునే ఫ్యాక్టరీలో, బోర్డు మీద అతికించేలోపు పాడు కాకుండా ఉంటే చాలన్నది దాని కొలమానం. అయినా ఆ 1.33 ఆంపియర్ల అంకెను పారేయకూడదు, చివరి లెక్కకు అదే గడప అవుతుంది.

టీవీఎస్ డయోడ్ పనిచేసే తీరు చూస్తే, అది మామూలు సిలికాన్ పీ-ఎన్ జంక్షనే, తిరగేసి పెట్టినది. మామూలు వేళల్లో పిన్ను మీది వోల్టేజి దానికి ఎదురు దిశలో ఉంటుంది కాబట్టి అందులోంచి నానోఆంపియర్ల కొద్దీ లీకేజి తప్ప ఏమీ పారదు. వోల్టేజి ఒక హద్దు దాటగానే జంక్షన్‌లోని విద్యుత్ క్షేత్రం ఎంత బలంగా అవుతుందంటే, అందులో చిక్కిన ఒక ఎలక్ట్రాన్ వేగం పుంజుకుని సిలికాన్ అణువును ఢీకొట్టి ఇంకో ఎలక్ట్రాన్‌ను ఊడగొడుతుంది. రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి. దీన్నే అవలాంచ్ బ్రేక్‌డౌన్ అంటారు. పేరులో బ్రేక్ ఉన్నా డయోడ్ పగిలిపోవడం ఉండదు. వోల్టేజి తగ్గగానే మళ్లీ మూసుకుంటుంది. సిలికాన్ లోపల ఈ మార్పుకు నానోసెకను కూడా పట్టదు. మామూలు జీనర్ డయోడ్‌లోనూ ఇలాంటి పనే జరుగుతుంది కానీ దాన్ని నిలకడైన చిన్న ప్రవాహానికి తయారుచేస్తారు. టీవీఎస్‌లో జంక్షన్ వైశాల్యాన్ని, దాని కింది లోహాన్ని క్షణకాలపు పెద్ద ప్రవాహానికి తగినట్టు మలుస్తారు.

చెరువుకు అలుగు ఎలాగో పిన్నుకు ఇది అలాగు. నీటిమట్టం అలుగు అంచు దాటేదాకా చుక్క కూడా బయటికి పోదు, దాటాక పొర్లడం మొదలవుతుంది. అయితే వరద ఎక్కువైనకొద్దీ అలుగు మీద నీటి మందం పెరుగుతూనే ఉంటుంది. ఎంత పెరుగుతుందన్నది అలుగు వెడల్పును బట్టి ఉంటుంది. ఇరుకు అలుగు అంచు ఎంత కిందికి కట్టినా, పెద్ద వరదలో కట్ట మీదికి నీళ్లు వస్తాయి. టీవీఎస్‌లో అలుగు అంచు స్థానం బ్రేక్‌డౌన్ వోల్టేజిది, వెడల్పు స్థానం డైనమిక్ రెసిస్టెన్స్‌ది. డయోడ్ తెరుచుకున్నాక, ప్రవాహం ఒక ఆంపియరు పెరిగితే దాని మీది వోల్టేజి ఎంత పెరుగుతుందో చెప్పేదే డైనమిక్ రెసిస్టెన్స్. దాన్ని ఓమ్‌లలో చెప్తారు. మంచి భాగాల్లో అది ఓమ్‌లో కొంత భాగమే, నాసిరకం భాగాల్లో రెండు మూడు ఓమ్‌లు దాకా ఉంటుంది.

టీవీఎస్ ఆ దెబ్బలోని శక్తినంతా మింగేస్తుందన్న అభిప్రాయం ఒకటి బలంగా ఉంది. లెక్క వేస్తే అది నిలవదు. 150 పికోఫారడ్‌ల కెపాసిటర్‌ను 8,000 వోల్టులకు నింపితే అందులో దాగే శక్తి 4.8 మిల్లీజౌళ్లు, విద్యుదావేశం 1.2 మైక్రోకూలుంబులు. ఆ ఆవేశమంతా 15 వోల్టుల దగ్గర నిలబడ్డ డయోడ్ గుండా పోయిందనుకుంటే అందులో వేడిగా మారేది 18 మైక్రోజౌళ్లే. అంటే మొత్తంలో వెయ్యికి నాలుగు వంతులు. మిగతాదంతా ఆ 330 ఓమ్‌ల రెసిస్టర్‌లోనే వేడిగా పోతుంది, నిజజీవితంలో అయితే నిప్పురవ్వలోనూ చేతిలోనూ పోతుంది. డయోడ్ చేసేది ఎదురు నిలవడం కాదు, వీలైనంత తక్కువ వోల్టేజి దగ్గర దారి ఇవ్వడం. ఎంత తక్కువ దగ్గర దారి ఇస్తే చిప్‌కూ అంత మేలు, డయోడ్‌కూ అంత తక్కువ వేడి.

డేటాషీట్ తెరిస్తే మూడు వోల్టేజిలు వరసగా కనిపిస్తాయి. మొదటిది V_RWM, పిన్ను మీద ఎంతసేపైనా ఉండదగిన వోల్టేజి. భాగం పేరుకు అంటుకునే ‘5 వోల్టులు’ ఇదే. అక్కడ డయోడ్ మూసుకునే ఉంటుందని, లీకేజి ఇంతకు మించదని తయారీదారు హామీ ఇస్తాడు. రెండోది V_BR, సాధారణంగా 1 మిల్లీఆంపియరు పారే చోట కొలిచిన బ్రేక్‌డౌన్ వోల్టేజి. 5 వోల్టుల భాగానికి ఇది 6, 7 వోల్టులుంటుంది. మూడోది V_C, క్లాంపింగ్ వోల్టేజి. చిక్కంతా దీంతోనే. ఎంత ప్రవాహం దగ్గర కొలిచారన్నది చూడకుండా ఈ అంకెకు అర్థం లేదు.

పాత అలవాటు ప్రకారం V_Cని పిడుగుల వల్ల కరెంటు తీగల్లో వచ్చే పోటును అనుకరించే తరంగంతో కొలుస్తారు. అది 8 మైక్రోసెకన్లలో పైకి లేచి 20 మైక్రోసెకన్లలో సగానికి పడుతుంది. అది నిదానమైన పోటు కాబట్టి చిన్న టీవీఎస్‌లను అందులో 1 ఆంపియరు, మహా అయితే 5 ఆంపియర్ల దగ్గరే కొలుస్తారు. 1 ఆంపియరు దగ్గర 9 వోల్టులని రాసి ఉన్న భాగం 16 ఆంపియర్ల దగ్గర కూడా 9 వోల్టుల దగ్గరే ఆపుతుందని అనుకుంటే మోసపోవడమే. స్థిర విద్యుత్తుకు పనికొచ్చే కొలత టీఎల్‌పీ అనే పరీక్షలో దొరుకుతుంది. ముందే నింపి ఉంచిన ఒక కేబుల్ నుంచి 100 నానోసెకన్ల చదరపు పల్స్‌లను డయోడ్‌లోకి పంపుతూ, ఒక్కో ప్రవాహం దగ్గర వోల్టేజి ఎంతో నమోదు చేసి గ్రాఫు గీస్తారు. డేటాషీట్‌లో ఎక్కడో వెనక పేజీలో ఉండే ఈ గ్రాఫే అన్నిటికన్నా నిజం చెప్పేది. అందులో 16 ఆంపియర్ల గీత మీద వోల్టేజి ఎంతో చూస్తే సరిపోతుంది. గ్రాఫు లేక డైనమిక్ రెసిస్టెన్స్ ఒక్కటే ఇస్తే, దాన్ని 16తో గుణించి బ్రేక్‌డౌన్ వోల్టేజికి కలిపితే ఇంచుమించు అదే అంకె వస్తుంది. రెండూ ఇవ్వని డేటాషీట్ భాగాన్ని పక్కన పెట్టడమే మేలు.

ఇప్పుడొక ఎంపికను చివరిదాకా నడిపి చూడొచ్చు. ఒక చిన్న బిల్లింగ్ ప్రింటర్ ఉందనుకోవాలి. అందులో మైక్రోకంట్రోలర్ 3.3 వోల్టులతో నడుస్తుంది, యూఎస్‌బీ ఫుల్ స్పీడ్, అంటే సెకనుకు 12 మెగాబిట్ల వేగంతో కంప్యూటర్‌తో మాట్లాడుతుంది. డీ ప్లస్, డీ మైనస్ అనే రెండు డేటా గీతల్లో చెరొక 22 ఓమ్‌ల రెసిస్టర్ ఉంది. ఫుల్ స్పీడ్ పరికరాల్లో ఇది మామూలే. చిప్ దాని డేటాషీట్ ప్రకారం 2,000 వోల్టుల మానవ శరీర పరీక్షకు తట్టుకుంటుంది.

కింది హద్దు తేల్చడం తేలిక. సిగ్నల్ 3.6 వోల్టులకు మించదు కాబట్టి 3.6 వోల్టుల టీవీఎస్ సరిపోతుందనిపిస్తుంది. కానీ కనెక్టర్‌లో డేటా పిన్ను పక్కనే 5 వోల్టుల పవర్ పిన్ను ఉంది, అది 5.25 దాకా ఉండొచ్చు. వంగిన పిన్నో, లోపలికి చేరిన లోహపు తునకో రెండిటినీ కలిపితే, 3.6 వోల్టుల డయోడ్‌లోంచి ఎడతెగని ప్రవాహం పారి అది మాడిపోతుంది. నానోసెకన్ల దెబ్బకు తయారైన భాగానికి నిలకడ ప్రవాహం గిట్టదు. అందుకే డేటా గీతకు కూడా 5.5 వోల్టుల V_RWM ఉన్నదాన్నే తీసుకోవడం తెలివైన పని. పైగా 5 వోల్టుల కన్నా బాగా తక్కువలో తెరుచుకునే జంక్షన్‌లలో అవలాంచ్ బదులు టన్నెలింగ్ పని చేస్తుంది. అలాంటివి ఒక్కసారిగా తెరుచుకోవు, హద్దుకు చాలా ముందు నుంచే కారడం మొదలుపెడతాయి.

పై హద్దు తేల్చడానికి చిప్ లోపలికి చూడాలి. చిప్ పిన్ను దగ్గర కూడా సొంత రక్షణ డయోడ్‌లుంటాయి. ఈ ఉదాహరణలో అవి 3.3 వోల్టుల సరఫరా మీదికి సుమారు 4 వోల్టుల దగ్గర తెరుచుకుంటాయని, వాటి రెసిస్టెన్స్ 2 ఓమ్‌లని అనుకుందాం. వాటిలోంచి క్షణకాలం 1.33 ఆంపియర్లు పోవచ్చని మానవ శరీర పరీక్షే చెప్పింది. బయటి 22 ఓమ్‌లు, లోపలి 2 ఓమ్‌లు కలిసి 24. ఆ దారిలో 1.33 ఆంపియర్లు పారాలంటే 32 వోల్టులు కావాలి, దానికి మొదటి 4 కలిపితే 36. అంటే 16 ఆంపియర్ల వేళ టీవీఎస్ తన మీద వోల్టేజిని 36కు బాగా కిందే ఉంచాలి. ‘బాగా’ అనడానికి కారణముంది. రెండు పరీక్షల తరంగాలు ఒకే ఆకారంలో ఉండవు, చిప్‌లన్నీ సరిగ్గా ఒకేలా ఉండవు. సగానికో మూడింట రెండొంతులకో దిగితే గుండె నిబ్బరంగా ఉండొచ్చు.

మూడు భాగాలను ఈ గడప ముందు నిలబెడదాం. మొదటిది 5.5 వోల్టులది. 7 వోల్టుల దగ్గర తెరుచుకుంటుంది, డైనమిక్ రెసిస్టెన్స్ 1 ఓమ్. రెండోది కూడా 5.5 వోల్టులదే, 7 దగ్గరే తెరుచుకుంటుంది, కానీ డైనమిక్ రెసిస్టెన్స్ 2.5 ఓమ్‌లు. మూడోది 12 వోల్టులది. 13.5 దగ్గర తెరుచుకుంటుంది, డైనమిక్ రెసిస్టెన్స్ 0.4 ఓమ్.

```
V_C = V_BR + I × R_DYN      (I = 16 A)

1:   7.0 + 16 × 1.0 = 23.0 V
2:   7.0 + 16 × 2.5 = 47.0 V
3:  13.5 + 16 × 0.4 = 19.9 V
```

మొదటి భాగం పెడితే చిప్‌లోకి సుమారు 0.76 ఆంపియర్లు పోతాయి. 1.33 గడపకు ఇది చాలా కింద. రెండోది పెడితే 1.6 ఆంపియర్లు పోతాయి, అది గడప దాటినట్టే. మొదటి పేజీలో రెండు డేటాషీట్లూ ఒకటే అంకె చూపిస్తాయన్నది గమనించాల్సిన సంగతి. ఇంకా వింతైనది మూడోది. పేరుకు 12 వోల్టులదైనా అసలు దెబ్బ పడ్డప్పుడు 5.5 వోల్టుల మొదటిదాని కన్నా కిందనే ఆపుతుంది. చిప్‌లోకి పోయేది సుమారు 0.65 ఆంపియరు. అంటే ఈ మూడింట్లో అన్నిటికన్నా తక్కువ V_RWM ఉన్నది కావాలని వెతకడం దారి తప్పడమే, వాలును పట్టించుకోవాలి. అలాగని మూడోదాన్ని తీసుకోవడం కూడా తొందరపాటే. 13.5 వోల్టుల లోపు వచ్చే చిన్న చిన్న పోట్లు దేన్నీ అది పట్టించుకోదు, అవన్నీ చిప్ డయోడ్‌ల మీదే పడతాయి. అంత తక్కువ డైనమిక్ రెసిస్టెన్స్ కోసం జంక్షన్ వైశాల్యం పెంచితే కెపాసిటెన్స్ కూడా పెరుగుతుంది. ఈ ప్రింటర్‌కు మొదటి భాగమే సరైనది.

ఆ 22 ఓమ్‌ల రెసిస్టర్ ఇక్కడ ఎంత మేలు చేస్తోందో దాన్ని తీసేసి చూస్తే తెలుస్తుంది. అప్పుడు వచ్చిన 16 ఆంపియర్లను టీవీఎస్, చిప్ పంచుకుంటాయి. టీవీఎస్ వాటా సుమారు 9.7, చిప్ వాటా 6.3 ఆంపియర్లు. పిన్ను మీద వోల్టేజి 23 నుంచి 17కు దిగింది కదా అని సంతోషించడానికి లేదు. అది దిగింది చిప్ తన ఒళ్లు అడ్డం పెట్టినందుకే. సెకనుకు 480 మెగాబిట్ల హై స్పీడ్ యూఎస్‌బీలోనూ, ఇంకా వేగమైన గీతల్లోనూ ఇబ్బంది ఇదే. అక్కడ 22 ఓమ్‌లు పెట్టడానికి వీల్లేదు, కెపాసిటెన్స్ కూడా ఒకటి రెండు పికోఫారడ్‌లకు మించకూడదు.

అలాంటి చోట్ల వాడే భాగాల తీరు వేరుగా ఉంటుంది. కెపాసిటెన్స్ తగ్గించడానికి పెద్ద టీవీఎస్‌కు ముందు వరసలో చిన్న డయోడ్ ఒకటి పెడతారు. వరసలో పెట్టిన రెండు కెపాసిటెన్స్‌లలో చిన్నదే చలామణీ అవుతుంది కాబట్టి సిగ్నల్‌కు పెద్దది కనబడదు. క్లాంపింగ్ తగ్గించడానికి స్నాప్‌బ్యాక్ అనే గుణాన్ని వాడుకుంటారు. ఈ భాగం 7, 8 వోల్టుల దగ్గర తెరుచుకుంటుంది, తెరుచుకున్న వెంటనే దాని మీది వోల్టేజి 3 వోల్టుల దాకా కూలిపోయి, అక్కడి నుంచి ప్రవాహంతోపాటు మెల్లగా పెరుగుతుంది. డైనమిక్ రెసిస్టెన్స్ 0.3 ఓమ్ అయితే 16 ఆంపియర్ల దగ్గర కూడా 8 వోల్టుల లోపే ఉంటుంది. గీతలో 2 ఓమ్‌ల చిన్న రెసిస్టర్ కూడా ఉంటే మన ఉదాహరణ చిప్‌లోకి ఒక ఆంపియరు కన్నా తక్కువే పోతుంది.

ఇంత మంచిదాన్ని అన్ని పిన్నులకూ ఎందుకు పెట్టరన్న ప్రశ్నకు జవాబు 5 వోల్టుల పవర్ పిన్ను దగ్గర దొరుకుతుంది. స్నాప్‌బ్యాక్ భాగం ఒకసారి తెరుచుకుంటే మూసుకోవాలంటే వోల్టేజి 3 వోల్టుల కిందికి దిగాలి, లేదా ప్రవాహం ఒక హద్దుకు తగ్గాలి. పవర్ పిన్ను మీద దెబ్బ పోయాక కూడా 5 వోల్టులు అలాగే ఉంటాయి, సరఫరా ఆంపియర్ల కొద్దీ ఇవ్వగలదు. డయోడ్ మూసుకోదు, సరఫరాను గ్రౌండుకు కలిపేసి పట్టుకుంటుంది, చివరికి కాలిపోతుంది. కరెంటు తీసి మళ్లీ ఇస్తే బాగైపోయే పరికరం కొన్నిసార్లు చెప్పే కథ ఇదే. అందువల్ల పవర్ పిన్నుకు స్నాప్‌బ్యాక్ లేని మామూలు అవలాంచ్ రకం పెడతారు. స్నాప్‌బ్యాక్ రకమే పెట్టాల్సివస్తే అది నిలబడే వోల్టేజి సరఫరా వోల్టేజి కన్నా పైన ఉండేలా చూస్తారు. డేటా గీతలో ఈ భయం తక్కువ. అక్కడి డ్రైవరు అంత ప్రవాహం ఇవ్వలేదు, పైగా సిగ్నల్ క్షణక్షణానికీ సున్నాకు దిగుతూనే ఉంటుంది. యూఎస్‌బీ టైప్-సీ కనెక్టర్‌లో పక్క పిన్ను మీదికి 20 వోల్టులు కూడా రావచ్చు కాబట్టి అక్కడ కింది హద్దు లెక్కే మారిపోతుంది. దాని పక్కనున్న సీసీ పిన్నులకు 5.5 వోల్టుల భాగం చాలదు.

డేటా గీత సున్నాకు పైనే తిరుగుతుంది కాబట్టి ఒకవైపు పనిచేసే టీవీఎస్ సరిపోతుంది. రుణ దిశలో దెబ్బ పడితే అది మామూలు డయోడ్‌లా ముందుకు తెరుచుకుని ఒక వోల్టు చుట్టుపక్కలే పట్టడం మొదలుపెడుతుంది. ఆడియో లాగా సున్నాకు అటూ ఇటూ ఊగే సిగ్నల్‌కు మాత్రం రెండువైపులా ఒకేలా పనిచేసేది కావాలి. లేకపోతే పాటలో సగం కోసుకుపోతుంది.

లెక్కలన్నీ సరిగ్గా వేసి సరైన భాగం తెచ్చినా, బోర్డు మీద దాన్ని తప్పుగా అమర్చితే ఫలితం ఉండదు. ఇక్కడే మొదటి శిఖరం అడుగుపెడుతుంది. రాగి గీత ప్రతి మిల్లీమీటరుకూ కొంత ఇండక్టెన్స్ ఉంటుంది. పలుచటి గీతలో అది నానోహెన్రీకి కాస్త తక్కువ. ప్రవాహం ఒక నానోసెకను లోపల 30 ఆంపియర్లు ఎగబాకుతుంటే ఒక్క నానోహెన్రీ మీదే 30 వోల్టుల దాకా పుడుతుంది. డేటా గీత నుంచి టీవీఎస్ దాకా మూడు మిల్లీమీటర్ల కొమ్మ ఒకటి గీసి, దాని గ్రౌండు కాలు నుంచి మరో రెండు మిల్లీమీటర్లు నడిచి వయా గుండా గ్రౌండు పొరను చేరితే, అయిదారు నానోహెన్రీలవుతాయి. అంటే 23 వోల్టుల దగ్గర ఆపాల్సిన డయోడ్ మీదుగా చిప్ వైపు క్షణకాలం 150 వోల్టులకు పైగా కనిపిస్తుంది. డయోడ్ చేసిన తప్పేమీ లేదు, ఆ వోల్టేజి దానికి చేరే దారిలో పుట్టింది. ఒక ఓమ్ తక్కువున్న ఖరీదైన భాగం కోసం వెతికేవారు ముందు ఈ కొమ్మ పొడవును చూసుకోవాలి.

దీనికి విరుగుడు తేలికే. గీత నేరుగా టీవీఎస్ ప్యాడ్ మీదికి వచ్చి, ఆ ప్యాడ్ నుంచే చిప్ వైపు బయల్దేరాలి, పక్క కొమ్మ ఉండకూడదు. గ్రౌండు కాలు పక్కనే వయా ఉండాలి, రెండుంటే ఇంకా మంచిది. టీవీఎస్ కనెక్టర్‌కు ఆనుకుని ఉండాలి, చిప్ పక్కన కాదు. డయోడ్‌కు, చిప్‌కు మధ్య ఉండే గీత ఇండక్టెన్స్ శత్రువు కాదు. శిఖరం చిప్ దాకా పోకుండా అది ఇంకొంచెం అడ్డుపడుతుంది. 22 ఓమ్‌ల రెసిస్టర్ కూడా డయోడ్ తర్వాతే రావాలి. కనెక్టర్‌కూ డయోడ్‌కూ మధ్య పెడితే వేల వోల్టులు దాని మీద పడి చిన్న రెసిస్టర్ ఒళ్లు మీదుగానే నిప్పురవ్వ దూకే ప్రమాదముంది. చిప్ డయోడ్‌ల గుండా 3.3 వోల్టుల సరఫరాలోకి తోసుకొచ్చే ఆ 0.76 ఆంపియరును మింగడానికి చిప్ పవర్ పిన్ను పక్కన కెపాసిటర్ ఉండాలన్నది కూడా ఇందులో భాగమే.

ఎంపిక నిలబడిందో లేదో పిస్తోలు పరీక్ష చెప్తుంది. ప్రమాణం ప్రకారం ఒక్కో చోట, ఒక్కో దిశలో, సెకను వ్యవధితో కనీసం పది దెబ్బలు కొట్టాలి. ప్రింటర్ ఒక్క దెబ్బకు కంప్యూటర్ నుంచి తెగి, మళ్లీ దానంతట అదే కలిస్తే చిప్ పాడు కాలేదని, కానీ లోపలికి కొంత అలజడి వెళ్లిందని అర్థం. ఇది చాలాసార్లు గ్రౌండు లోపం, డయోడ్ మార్చినా పోదు. కరెంటు తీసి ఇస్తే తప్ప లేవకపోతే చిప్‌లోనో, స్నాప్‌బ్యాక్ భాగంలోనో ఏదో తెరుచుకుని మూసుకోలేదన్నమాట. అసలు గుర్తింపే ఆగిపోతే మల్టీమీటరు పట్టాలి. డయోడ్ మోడ్‌లో ఎర్ర ప్రోబును గ్రౌండుకు, నల్ల ప్రోబును డీ ప్లస్ పిన్నుకు ఆనిస్తే బాగున్న గీత మీద సుమారు అర వోల్టు కనిపిస్తుంది, డీ మైనస్ మీదా ఇంచుమించు అంతే రావాలి. ఒకదాని మీద సున్నాకు దగ్గరగా వస్తే అక్కడ ఏదో షార్టయింది. టీవీఎస్‌ను ఊడదీసి మళ్లీ కొలిస్తే షార్టు దానిదో చిప్‌దో తేలుతుంది. షార్టయి చచ్చిన టీవీఎస్ ఒక రకంగా తన పని చేసే పోయింది. కొత్తది అతికిస్తే ప్రింటర్ లేస్తుంది.

మల్టీమీటరుకు అందని లోపం ఇంకొకటుంది. దెబ్బలు తింటూ జంక్షన్ అంచున చిన్న మచ్చ కరిగితే డయోడ్ వెంటనే షార్టవదు, లీకేజి మాత్రం పెరుగుతుంది. అందుకే పరీక్షకు ముందు V_RWM దగ్గర లీకేజి కొలిచి రాసుకుని, తర్వాత మళ్లీ కొలుస్తారు. కొన్ని నానోఆంపియర్లు ఉన్నది మైక్రోఆంపియర్లకు చేరితే ఆ భాగం మీద నమ్మకం పెట్టుకోకూడదు. డయోడ్ లోపలి తీగో, బోర్డు మీద దాని అతుకో తెగి అది పూర్తిగా విడిపోతే ఇంకా చిక్కు. సిగ్నల్ మునుపటిలాగే నడుస్తుంది, ప్రింటర్ బిల్లులు కొడుతూనే ఉంటుంది. డయోడ్ మోడ్‌లో కూడా చిప్ సొంత డయోడ్ అడ్డొచ్చి అదే అర వోల్టు చూపిస్తుంది. తేడా తెలియాలంటే కరెంటు తీసేసి పిన్నుకూ గ్రౌండుకూ మధ్య కెపాసిటెన్స్ కొలిచి, బాగున్న బోర్డుతో పోల్చి చూడాలి.